ఏ ఎపిసోడ్ విడిగా చూడొచ్చో గుర్తుపెట్టుకోవడం ఎలా?

నేను అమెరికన్ టీవీ షో ‘ది ఎక్స్ ఫైల్స్’ మొదటి సీజన్ 24 ఎపిసోడ్లూ చూసేశాను. నెలకోసారి కావలి నుంచి కందుకూరు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకి ఒకటి పెడతాను, ఆయనకి ముందు కథ తెలియకపోయినా అర్థమయ్యేది కావాలి. ప్రతిసారీ కొత్త కథతో వచ్చే ఆంథాలజీ అయితే ఈ తిప్పలు లేవు. ఇందులో ఏ వారం కథ ఆ వారం ముగిసేవీ, ఏలియన్ల కుట్ర గురించి సాగుతూ పోయేవీ కలిసిపోయి ఉన్నాయి, పేరు చూస్తే ఏది ఏదో తట్టదు.

నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీసి ‘విడి’, ‘సీరియల్’ అని రాశాను. మూడో ఎపిసోడ్ ‘స్క్వీజ్’ విడి గడిలో వేశాను, సన్నటి సందుల్లోంచి ఒళ్లు సాగదీసుకుని దూరి కాలేయాలు తినేవాడి కథ. తీరా 21వ ఎపిసోడ్ ‘టూమ్స్’లో వాడే మళ్లీ దిగాడు! నాన్నకి మొన్న ఈ ‘టూమ్స్’ ఒక్కటే పెట్టాను, "వీడెవడ్రా, ముందేం చేశాడు?" అని పది నిమిషాలకోసారి ఆపించారు. 13వది ‘బియాండ్ ది సీ’ ఇంకో రకం. కేసు అక్కడికే అయిపోతుంది, కానీ కేసులు చూసే ఎఫ్‌బీఐ ఏజెంట్ స్కల్లీ వాళ్ల నాన్న చనిపోయేది అందులోనే, ఆమె ఎవరో తెలియకపోతే ఆ బాధ తగలదు. ఏలియన్ ఉంటే సీరియల్ అనుకుందామంటే, పై రెండు చిక్కుల్లోనూ ఏలియన్లే లేరు.

ఇలాంటి సీరియల్స్ చూసేవాళ్లు, కేసు ముగిసినా ముందుదో వెనకదో తెలిసుండాల్సిన ఎపిసోడ్లని నెలల తర్వాత కూడా గుర్తొచ్చేలా మీరు ఏమని రాసి పెట్టుకుంటారు?