సర్వేలో నష్టపోయిన రైతు ఆదాయానికి ఏ ఆప్షన్ పెట్టాలి?

మా మండలంలో కౌలు రైతు కుటుంబాల మీద సర్వే చేస్తున్నాం. ఏడాది ఆదాయానికి "50,000–1,00,000", "1,00,000–2,00,000" అని ఇస్తే, సరిగ్గా లక్ష వచ్చినవాళ్లు రెండింట్లోనూ టిక్ పెట్టారు. అందుకే 50,000–99,999, 1,00,000–1,99,999 అని మార్చి, చివర "5,00,000, ఆపైన" చేర్చాం. వయసుకు "నిండిన ఏళ్లు", కుటుంబానికి "ఒకే వంటింట్లో తినేవాళ్లు" అని రాశాక ఆ రెండు ప్రశ్నలూ కుదిరాయి.

చిక్కంతా ఆదాయం కింది చివరే. "ఆదాయం లేదు", "50,000 లోపు" పక్కపక్కన ఉంటే సున్నా రెండింట్లోనూ పడుతోందని రెండోదాన్ని "1–49,999" చేశాం. అయినా 90,000 పెట్టుబడి పెట్టి, పత్తిని 70,000కు అమ్మిన రైతులు కొందరు 70,000 పడే గడిలో, మరికొందరు "ఆదాయం లేదు"లో టిక్ పెడుతున్నారు. ప్రశ్నలో "ఖర్చులు పోను" అని చేర్చితే మైనస్ 20,000కు గడే లేదు.

"నష్టం వచ్చింది" అని విడిగా ఇవ్వాలా, "సున్నా లేదా నష్టం" అని కలిపేయాలా?