సీడా ఒడంబడికకు మన దేశం పెట్టిన షరతులు చెల్లుతాయా?

లా సెకండియర్, హన్మకొండ
స్త్రీల పట్ల వివక్షను తొలగించాలని ఐక్యరాజ్యసమితి తెచ్చిన సీడా ఒడంబడికను మన దేశం 1993లో ఆమోదించింది. కానీ ఆచారాలు, పెండ్లి, కుటుంబం దగ్గరికొచ్చేసరికి "ఏ సమాజమైనా తనంతట తాను చొరవ తీసుకొని ఒప్పుకుంటే తప్ప వాళ్ల సొంత విషయాల్లో జోక్యం చేసుకోం" అని రాసిచ్చింది. ఇంత పెద్ద షరతు చెల్లుతదా? చెల్లకుంటే కొట్టేసేదెవరు? క్లాసులో రెండు జట్లయినం, మీరేమంటరు?

కాజీపేట జంక్షన్
చెల్లే, మీ క్లాసులో అసలు కాగితం ఎవరన్నా చదివిన్రా? మన దేశం పెట్టిన మినహాయింపు ఒక్కటే, 29వ అధికరణం మీద. దేశాల మధ్య తగాదా వస్తే అంతర్జాతీయ న్యాయస్థానానికి పోవాలన్న దానికి మేం కట్టుబడం అన్నరు. అట్లా అనొచ్చని ఒడంబడికే చెప్పింది. మిగతా రెండూ ఉత్త ప్రకటనలు. 5(ఎ), 16(1) గురించి ఒకటి, పెండ్లిళ్ల రిజిస్ట్రేషన్ గురించి ఇంకొకటి. ప్రకటన అంటే మన అభిప్రాయం చెప్పుడు, అంతే. దానికి చెల్లుడు, చెల్లకపోవుడు ఏముంటది?

పాత వకీలు
జంక్షన్ తమ్మీ, కాగితం మీద ఉన్నది సరిగ్గనే చెప్పినవ్. తేల్చిన తీరే సగం. పైన ఏ పేరు పెట్టిన్రన్నది లెక్కలోకి రాదు. ఆ మాటతోని బాధ్యత తగ్గుతుందా లేదా అన్నదే చూస్తరు. దేశాల ఒప్పందాలకు నియమాలు పెట్టిన వియన్నా ఒడంబడిక ఈ మాట సూటిగ చెప్తది. మన దేశం అందులో చేరలేదు, కానీ ఈ సూత్రం అందరికీ వర్తించే ఆనవాయితీ అయిపోయింది.

ఇప్పుడు మన ప్రకటన చదువు. 5(ఎ) ఏమంటది? ఆడ మగలలో ఒకరు తక్కువ, ఒకరు ఎక్కువ అనే ఆచారాలను మార్చడానికి ప్రభుత్వం పూనుకోవాలంటది. 16(1) పెండ్లి, విడాకులు, పిల్లలు, ఆస్తి విషయాల్లో ఇద్దరికీ సమాన హక్కులుండాలంటది. "సమాజం ముందుకొస్తేనే చేస్తం" అన్నమంటే, ఆచారాన్ని మార్చే పనిని ఆ ఆచారాన్ని కాపాడుకునేటోళ్ల చేతిలోనే పెట్టినట్టు. ఇది ఉత్త అభిప్రాయం కాదు.

నెదర్లాండ్స్ 1994లో ఈ మాటే రాసి పంపింది. ఇండియా 5(ఎ), 16(1) మీద చేసిన ప్రకటనలు నిజానికి మినహాయింపులేనని, అవి ఒడంబడిక ఉద్దేశానికే విరుద్ధమని అభ్యంతరం పెట్టింది. 28(2) అధికరణం ప్రకారం ఉద్దేశానికి, లక్ష్యానికి విరుద్ధమైన మినహాయింపు ఒప్పుకోవద్దు. కానీ అదే అభ్యంతరం చివర్ల, మా రెండు దేశాల మధ్య ఒడంబడిక అమల్లోకి రావడానికి ఇది అడ్డం కాదని కూడా రాసిన్రు. అంటే తప్పని చెప్పిన్రు, బంధం తెంచుకోలేదు. చాలా దేశాలైతే ఏమీ అనకుండనే ఊకున్నయ్. పన్నెండు నెలలు అభ్యంతరం చెప్పకుంటే ఒప్పుకున్నట్టే లెక్క.

ఇగ కొట్టేసేదెవరు అంటివి కదా బిడ్డా. కొట్టేసేటోడే లేడు. ఒడంబడిక అమలును చూసే సీడా కమిటీ 2, 16 అధికరణాలు ఒడంబడికకు ఆయువుపట్టని, వాటికి మినహాయింపు ఒప్పుకోమని 1998లో గట్టిగనే చెప్పింది. మన ప్రభుత్వాన్ని కూడా ప్రకటనలు వెనక్కి తీసుకోమని 2000, 2007, 2014లో అడిగింది. అడగడం వరకే దాని చేతిలో ఉన్నది. న్యాయస్థానం తొవ్వ 29 దగ్గర మనమే మూసినం. వ్యక్తులు కమిటీకి ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మనం చేరనే లేదు.

ఓరుగల్లు అభిమాని
అభ్యంతరం పెట్టే దేశాలు ఎప్పుడూ యూరప్‌వే ఎందుకుంటయ్ సార్? స్వీడన్, జర్మనీ, నార్వే, ఫిన్లాండ్. వాళ్ల ఇంటి పద్ధతిని మనకు కొలబద్ద చేసుడు కాదా ఇది? మన సంసారాలు మనకు తెల్వదా?

పాత వకీలు
ఆ అనుమానం కొత్తది కాదు. 1987లో సీడా కమిటీ ఇస్లామిక్ చట్టాల కింద స్త్రీల స్థితి మీద అధ్యయనం చేయించమని అడిగితే, అది తమ మతం మీద దాడి అని చాలా దేశాలు లేచినయ్. ఐక్యరాజ్యసమితి ఆ సంగతి అక్కడికే వదిలేసింది. అందుకని నీ మాట తీసేయలేను. కానీ అభ్యంతరం ఎవరు పెట్టిన్రన్నది పక్కన పెట్టి, దేని మీద పెట్టిన్రో చూడు.

మాల్దీవులు 1993లో చేరుతూ, ఇస్లామిక్ షరియా సూత్రాలకు విరుద్ధమని ప్రభుత్వం అనుకున్న దేన్నీ పాటించమని, రాజ్యాంగాన్నో చట్టాలనో మార్చమనే ఏ నిబంధనకూ కట్టుబడమని రాసింది. ఇందులో ఒక్క అధికరణం నంబరన్నా ఉన్నదా? ఏ హక్కు ఉన్నదో, ఏది పోయిందో చదివేటోనికి తెల్వదు. రేపు ప్రభుత్వం ఏదనుకుంటే అదే. యూరప్ దేశాల అసలు అభ్యంతరం ఈ అంతులేనితనం మీదనే. ఆ అభ్యంతరాలు వచ్చినంక 1999లో మాల్దీవులు ఆ వాక్యాన్ని తీసేసి, 7(ఎ), 16 అధికరణాలకే పరిమితం చేసింది. పూర్తిగ బాగుపడ్డదనను, మతం పేరు 16 దగ్గర మిగిలే ఉన్నది. కానీ కంచె ఎక్కడున్నదో కనబడ్డది. 2000లో చేరిన సౌదీ అరేబియా మాత్రం ఇస్లామిక్ చట్టానికి విరుద్ధమైనవి పాటించే బాధ్యత మాకు లేదన్న పాత బాణీలోనే రాసింది.

మనది ఈ రెండింటి నడుమ ఉన్నది. అధికరణం నంబర్లయితే చెప్పినం. షరతు మాత్రం మతం మీద పెట్టలేదు, "సమాజం" మీద పెట్టినం.

మండిబజార్ నుంచి
నాకు కోపం వచ్చేది ఆ "సమాజం" దగ్గర్నే. సమ్మతి ఎవరిస్తరు? విడాకులైన ముస్లిం ఆడామెకు భరణం ఇయ్యాలన్న షాబానో కేసు తీర్పు వచ్చిన 1985లో మా తరఫున మాట్లాడింది పర్సనల్ లా బోర్డు. మరుసటేడు చట్టం తెచ్చేటప్పుడు కూడా ప్రభుత్వం వాళ్ల మాటే విన్నది. మా అమ్మల్ని ఎవరన్నా అడిగిన్రా? తీరా 2019లో మూడు సార్ల తలాఖ్‌ను నేరం చేసినప్పుడు ఆ బోర్డు వద్దన్నా చట్టం తెచ్చిన్రు. అప్పుడు "చొరవ, సమ్మతి" ఎక్కడికి పోయింది? నేను ఆ చట్టానికి వ్యతిరేకిని కాదు. ప్రభుత్వం కావాలనుకున్నప్పుడు ఆ వాక్యం అడ్డం రాదు, వద్దనుకున్నప్పుడు గోడయితది, గంతే అంటున్న.

అయినా ఈ ప్రకటన తీసెయ్యమంటే నాకు ఇంకో భయం. అందరికీ ఒక్కటే చట్టం పేరు మీద మా మీద ఏం రుద్దుతరో?

ఓరుగల్లు అభిమాని
చూసిన్రా, ఆ అక్కకు కూడా భయమే ఉన్నది. అందుకే ఉండనియ్యండి అంటున్న.

మండిబజార్ నుంచి
నా భయాన్ని నీ వాదనకు వాడుకోకు భయ్యా. నేను ఉంచమనలేదు.

పరకాల టీచరమ్మ
రెండో ప్రకటన గురించి ఎవరూ మాట్లాడరేంది? పెండ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడం సూత్రంగా మంచిదే గానీ, ఇన్ని ఆచారాలు, మతాలు, ఇంత నిరక్షరాస్యత ఉన్న పెద్ద దేశంలో కుదరదని అన్నరు. తొమ్మిదేండ్లకు, 2002లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తప్పనిసరి వివాహ రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. మన వరంగల్ అందులోనే ఉండె. 2006లో సుప్రీంకోర్టు సీమ వర్సెస్ అశ్వనీకుమార్ కేసులో అన్ని మతాల పెండ్లిళ్లు రిజిస్టర్ కావాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తీర్పులో మన ఈ ప్రకటన గురించి కూడా రాసిన్రు. కుదరదన్నది కుదిరినంక ఆ కాగితం ఇంకా ఎందుకు?

కుదిరిందని నోటితో అంటున్న గానీ, మా ఊర్ల సంగతి వేరే. వీసాకు పోయేటోళ్లే రిజిస్టర్ చేయించుకుంటరు. తొమ్మిదో తరగతి పిల్ల దసరా సెలవులకు పోయి తిరిగి రాకుంటే వాళ్లింటికి పోయిన. ఆధార్‌లో పద్దెనిమిది నిండినయని చూపిచ్చిన్రు. మా స్కూల్ రిజిస్టర్‌లో పదిహేను. పెండ్లి ఎక్కడా రాసి లేదు. ఏ తేదీన అయిందని అడిగితే తల్లి ఒక తేదీ, మేనమామ ఒక తేదీ చెప్పిన్రు.

కాజీపేట జంక్షన్
మరి చట్టం ఉండి కూడా ఇట్లుంటే, ఐక్యరాజ్యసమితిలో ఆ కాగితం వెనక్కి తీసుకుంటే ఏమైతది టీచరమ్మా?

పరకాల టీచరమ్మ
ఆ పిల్లకు ఏమీ కాదు, ఒప్పుకుంట. కానీ కమిటీ ముందర "మా దేశంలో కుదరదు" అనే జవాబన్నా ఉండదు కదా. అప్పుడు ఎందుకు అమలైతలేదో చెప్పాలె.

తండా బిడ్డ, మహబూబాబాద్
అందరికీ నమస్తే. నాది కొంచెం వేరే సంగతి, ఇక్కడ అడగొచ్చో లేదో. మేం లంబాడీలం. నాయిన పోయినంక భూమి విరాసత్ మా ఇద్దరన్నల పేరు మీద చేసిన్రు. నేను ఆఫీసుకు పోయి అడిగితే "మీకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, ఆచారం ప్రకారమే" అని పంపిచ్చిన్రు. మా అన్నలు చెడ్డోళ్లు కారు, పండుగకు చీర పెడ్తరు. భూమి మాత్రం అడగొద్దంటరు. ఈ ఒడంబడికతోని నాకేమన్నా ఒరుగుతదా?

పాత వకీలు
అమ్మా, నువ్వు అడిగిందే అసలు సంగతి. హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ షెడ్యూల్డ్ తెగలను పక్కకు పెట్టింది. కేంద్రం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే వర్తిస్తదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉన్నది. 2022లో కమ్లా నేటి కేసులో సుప్రీంకోర్టు, ఆ సెక్షన్ గురించి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది.

ఒడంబడిక చేతిలో పట్టుకొని తహసీల్దారు దగ్గరికి పోతే పని కాదు. మన దగ్గర పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఒడంబడిక నేరుగ హక్కు ఇయ్యదు. కోర్టులు దాన్ని ఊతంగ వాడుకుంటయ్. 1997లో విశాఖ తీర్పు పనిచోట లైంగిక వేధింపుల మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు సీడా 11, 24 అధికరణాల మీద ఆధారపడ్డది. మన మినహాయింపులు ఈ కేసుకు సంబంధించినవి కావని ఒక్క మాటతో దాటేసింది. ఉద్యోగం దగ్గర షరతు లేదు కాబట్టి అంత సులువైంది. నీ భూమి 16 దగ్గరికొస్తది. అక్కడ ఎదుటి వకీలు ఆ ప్రకటన తీసి చూపిస్తడు.

నీకు ఇప్పుడు పనికొచ్చేది 2025 జులై తీర్పు, రామ్ చరణ్ వర్సెస్ సుఖ్‌రామ్. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసు. ఆడపిల్లకు వాటా ఇచ్చే ఆచారం ఉన్నదని ఆమె తరఫువాళ్లు రుజువు చేయలేదని కింది కోర్టులు దావా కొట్టేసినయ్. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. ఇయ్యొద్దనే ఆచారం ఉన్నదని రుజువు కాలేదు కాబట్టి సమానత్వమే నిలుస్తదని చెప్పింది. అందుకని "ఆచారం ప్రకారమే" అన్నోళ్లను, ఏ ఆచారం, ఎవరు పాటించిన్రు అని అడుగు. మీ తండాలో ఏ ఇంట్లనన్నా బిడ్డకు భూమి ఇచ్చిన సందర్భం ఉంటే పట్టా నకలు తీసిపెట్టు. ఇది విరాసత్ ఆఫీసులో తేలేది కాదు, వాటా దావా వేయాలె. మీ మండలం ఏజెన్సీ కిందకొస్తే దావా వేసే చోటు వేరే ఉండొచ్చు, ముందు అది కనుక్కో.

తండా బిడ్డ, మహబూబాబాద్
మా మేనత్తకు మా తాత ఎకరం ఇచ్చిండు సార్. కానీ అది సాదాబైనామా, పట్టా కాలేదు. అది పనికొస్తదా?

ఓరుగల్లు అభిమాని
తాత తన ఇష్టంతో ఇచ్చిండు కదా అమ్మా. నేననేది కూడా అదే, లోపలి నుంచి మారాలె.

మండిబజార్ నుంచి
ఆ తాత ఇయ్యకపోతే మేనత్త ఇంకా ఎన్నేండ్లు ఆగాలె?

పాత వకీలు
సాదాబైనామా అయినా పారేయకు. హక్కు పత్రంగా నిలవకపోయినా, మీ ఇంట్లో ఆడపిల్లకు భూమి ఇచ్చిన్రనడానికి సాక్ష్యంగా చూపొచ్చు. మేనత్త సాగులో ఉన్నట్టు పాత పహాణీల్లో ఏమన్నా రాసి ఉన్నదేమో చూడు.

లా సెకండియర్, హన్మకొండ
సార్, ఒక్క డౌటు. అభ్యంతరం పెట్టిన దేశం "మీ మినహాయింపు లెక్కలోకి తీసుకోం, మొత్తం ఒడంబడికకు మీరు కట్టుబడ్డట్టే" అంటే? స్వీడన్ కొన్ని దేశాల విషయంలో అట్లనే రాసిందని చదివిన.

పాత వకీలు
రాసింది. అది నిలుస్తదా, లేక ఆ దేశం అసలు ఒడంబడికలోనే లేనట్టా అన్నది పండితులే తేల్చుకోలేదు. నాకైతే మొదటిదే సరైనదనిపిస్తది. సంతకం చేసి లోపలికొచ్చినోడు తలుపు తీసుకొని పోతానంటే కుదరదు. కానీ మీ సారు దీనికి ఒప్పుకోకపోవచ్చు, అడుగు.

కాజీపేట జంక్షన్
నేనైతే ఒప్పుకోను. మేం ఈ షరతు మీదనే వస్తున్నం అని చెప్పి వచ్చిన దేశాన్ని, షరతు తీసేసి బాధ్యత మాత్రం మోయమంటే ఇంకెవరు సంతకం పెడ్తరు?