ఊపిరితిత్తి ఒకసారి ముడుచుకుపోతే మొదటిసారికే ఆపరేషన్ చేయించాలా?

అంబాజీపేట అన్నయ్య: మా తమ్ముడికి 22 ఏళ్లు. ఆరడుగుల పైనే ఉంటాడు, బక్కపల్చన. పోయిన వారం కూర్చుని ఫోను చూసుకుంటుంటే కుడివైపు ఛాతీలో చురుక్కున పొడిచి, ఆయాసం వచ్చింది. ఊపిరితిత్తి ముడుచుకుపోయి చుట్టూ గాలి చేరిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. పక్కనుంచి ట్యూబు వేసి నీళ్ల సీసాకి కలిపారు. మూడో రోజుకి బుడగలు ఆగాయి, ఊపిరితిత్తి విచ్చుకుంది, ట్యూబు తీసేశారు. మళ్లీ రావచ్చు, వస్తే అప్పుడు ఆపరేషన్ అన్నారు. వచ్చే నెల కువైట్ ప్రయాణం ఉంది. ఇప్పుడే ఆపరేషన్ చేయించెయ్యాలా, ఆగాలా?

భీమవరం బాబాయ్: ఆగండి. ట్యూబు వేశారంటే సైకిలు ట్యూబుకి పంచరు వేసినట్టే. లోపలి పొర అతుక్కుపోద్ది, ఇంక ఊడదు. మా పక్కింటాయనకి ఛాతీలో నీరు తీసి ట్యూబులోంచి ఏదో మందు పోశారు. మళ్లీ చేరితే ఒట్టు.

చెస్ట్ వార్డు డాక్టర్: బాబాయ్ గారూ, మీ పక్కింటాయనకి పొరలు అతికించింది ఆ మందు. ఈ అబ్బాయికి మందేదీ వెయ్యలేదు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య చేరిన గాలిని ట్యూబు బయటికి పంపిస్తుంది, అంతే. సీసాలో దాని కొస రెండు సెంటీమీటర్ల లోతున నీటిలో ఉంటుంది కాబట్టి లోపలి గాలి బుడగలై బయటికొస్తుంది, బయటి గాలి లోపలికి పోలేదు. ఈలోగా చిల్లు దానంతటదే పూడుకుంటుంది.

అసలు చిక్కు ఊపిరితిత్తి పైకొసన ఉంది. ఇలాంటి పొడుగు, బక్క కుర్రాళ్లలో అక్కడ పొర కింద చిన్న చిన్న గాలి బొబ్బలుంటాయి. మనిషి పొడుగయ్యే కొద్దీ పైకొసన లాగుడు ఎక్కువవుతుందని, అందుకే అవి అక్కడ పుడతాయని ఎక్కువమంది చెప్పే కారణం. ఒకటి చితికింది, మిగతావి అలాగే ఉన్నాయి. ట్యూబు వాటి జోలికి పోలేదు. మొదటిసారి వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురికొకరికి మళ్లీ వస్తుందని మేం చెబుతుంటాం, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే.

2020లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 316 మంది మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. సగం మందికి ట్యూబు వేశారు, మిగతా సగాన్ని వీలైనంతవరకు వెయ్యకుండా కనిపెట్టి చూశారు. ఏడాదిలో తిరగబెట్టింది వేసినవాళ్లలో నూటికి 17 మందికి, వెయ్యనివాళ్లలో 9 మందికి. ట్యూబే కాపలా అయితే లెక్క తలకిందులుగా ఉండాలిగా!

రావులపాలెం కుర్రోడు: సిగరెట్టు సంగతి ఎవరూ అడగరేంటండీ?

అంబాజీపేట అన్నయ్య: ఇంట్లో తాగడండి.

రావులపాలెం కుర్రోడు: ఇంట్లో ఎవడు తాగుతాడండీ!

ఉప్పలగుప్తం: నీరు ఎంత తీశారు? టీబీ మందులు మొదలెట్టారా?

అంబాజీపేట అన్నయ్య: నీరు కాదండి, గాలి. కఫం పరీక్ష చేశారు, టీబీ లేదన్నారు.

పాలకొల్లు నాన్న: మా వాడికీ ఇదే. ఇంకో ఆస్పత్రికి మారుస్తూ అంబులెన్సులో ట్యూబుకి క్లాంపు బిగించారు. సీసాలో అప్పటికి బుడగలు వస్తూనే ఉన్నాయి. దారిలో ఊపిరాడక పెదాలు నీలంగా తిరిగాయి. క్లాంపు తీశాక గాని మనిషి కాలేదు. బాబూ, ఆలోచించకుండా ఆపరేషన్ చేయించెయ్.

భీమవరం బాబాయ్: క్లాంపు పెట్టడం తప్పంటే ఎలా? మా మరదలు నర్సు. ట్యూబు తీసేముందు క్లాంపు పెట్టి చూస్తారని చెప్పింది.

పాలకొల్లు నాన్న: బుడగలు వస్తుండగా పెట్టారని రాశాను. చదవండి.

భీమవరం బాబాయ్: చదివాను. క్లాంపు వాడతారా వాడరా, అది చెప్పండి.

చెస్ట్ వార్డు డాక్టర్: బుడగలు వస్తున్నాయంటే ఊపిరితిత్తి ఇంకా కారుతోందన్నమాట. అప్పుడు మూస్తే గాలికి దారి లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది, గుండె కూడా నలుగుతుంది. పేషెంటుని మార్చేటప్పుడు సీసాని ఛాతీ కన్నా కింద పెట్టుకుంటే చాలు. బుడగలు పూర్తిగా ఆగాక, తీసేముందు కొన్ని గంటలు మూసి ఎక్స్‌రే చూసే అలవాటు కొందరికి ఉంది, కొందరికి లేదు. మీ మరదలు చెప్పింది అది.

భీమవరం బాబాయ్: అంటే వాడతారు.

పాలకొల్లు నాన్న: నీకు దణ్ణం బాబాయ్.

భీమవరం బాబాయ్: మీ అబ్బాయికి జరిగిందని ఊళ్లో అందర్నీ కోయించమంటారా? డబ్బు మీరిస్తారా? మా మేనల్లుడికి కెమెరా ఆపరేషనే, చిన్న కన్నాలే అన్నారు. ఏడాదైనా పక్కటెముకల వెంట మంట, తిమ్మిరి. కొబ్బరిచెట్టెక్కడం మానేశాడు. ఎక్కితేనే కదండీ వాడికి కూలి!

పాలకొల్లు నాన్న: మా వాడికి రెండోసారి వచ్చింది దోహాలో. గదిలో ఒక్కడే. భాష రాదు, షిఫ్టు నుంచి ఎవరూ రాలేదు. ఇక్కడ మేం ఫోను మీద ఫోను చేస్తున్నాం, ఎత్తడు. క్లాంపు సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ ఆపరేషన్ చేయించకుండా పంపినందుకు మా ఆవిడ నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడదు.

రావులపాలెం కుర్రోడు: ఆ ముక్క ముందే చెప్తే సరిపోయేదిగా అండీ.

చెస్ట్ వార్డు డాక్టర్: ఇద్దరూ చెప్పేది ఉన్నదే. ఆపరేషన్‌లో పైకొసన బొబ్బలున్న ముక్కని స్టేప్లర్‌తో కత్తిరించి, ఛాతీ లోపలి పొరని గరుకుగా రుద్దుతారు, లేదా కొంత ఒలిచేస్తారు. ఆ పుండు మానుతూ ఊపిరితిత్తిని గోడకి అతికించుకుంటుంది. కత్తిరించి వదిలేస్తే సరిపోదు, ఆ రుద్దడమే ముఖ్యం. ఆ తర్వాత నూటికి ఏ కొద్దిమందికో తప్ప తిరిగి రాదు. బాబాయ్ గారు చెప్పిన మంట, తిమ్మిరి కొందరికి నెలల తరబడి ఉంటాయి. రేపు ఇంకో కారణానికి అదే వైపు ఛాతీ తెరవాల్సొస్తే అతుకుల వల్ల కష్టమవుతుంది.

రెండోసారి వస్తే చెయ్యమనే దాదాపు అందరూ చెబుతాం. మొదటిసారికే చేసేది గాలి కారడం రోజుల తరబడి ఆగనప్పుడు, రెండువైపులా వచ్చినప్పుడు, లేదా మనిషి చేసే పనిలో ఇది ప్రాణాల మీదికి తెచ్చేదైనప్పుడు. వైద్యం అందని చోట ఒంటరిగా ఉండబోతే నేనైతే సర్జన్‌ని అడిగి చూడమంటాను. దీనికి నాతో ఒప్పుకోని డాక్టర్లు ఉన్నారు.

కొవ్వూరు పడవ: మా తమ్ముడికీ వచ్చింది సార్. గోదాట్లో మునిగి బకెట్‌తో ఇసుక తీస్తాడు. వెళ్లొచ్చా?

చెస్ట్ వార్డు డాక్టర్: చూపించుకోకుండా వెళ్లొద్దు. సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగే పనైతే, రెండువైపులా ఆపరేషన్ అయితే తప్ప జన్మలో వద్దనే చెబుతాం. పైకి తేలేటప్పుడు లోపలున్న గాలి ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టి దిగేవాళ్లకి ముప్పు అంతకన్నా తక్కువే గాని, నేను సరే అనను.

అంబాజీపేట అన్నయ్య: మరి విమానం సార్? గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే కూడా ఉంటుంది.

చెస్ట్ వార్డు డాక్టర్: ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో కనబడ్డాక కనీసం వారం ఆగితే ఎక్కొచ్చు. ట్యూబు తీసిన రోజు ఎక్స్‌రే చాలదు, మళ్లీ తీయించండి. కాగితాలన్నీ వెంట పెట్టండి. విమానం ఎక్కినందువల్ల కొత్తగా చిల్లు పడుతుందని కాదు. గాలి మిగిలి ఉంటే పైన ఉబ్బుతుంది, అక్కడ ట్యూబు వేసేవాడు ఉండడు. సిగరెట్టు మాట మీ తమ్ముణ్నే అడగండి, మీరు గదిలో లేనప్పుడు మీ డాక్టర్ని అడగనివ్వండి.

భీమవరం బాబాయ్: ఎక్స్‌రే బాగుంటే పంపేయండి. ఆపరేషన్ వద్దు.

పాలకొల్లు నాన్న: పంపేముందు గదిలో ఇంకెవరుంటారో కనుక్కోండి.

అంబాజీపేట అన్నయ్య: డ్రైవరు పని, గదిలో నలుగురట. సోమవారం ఎక్స్‌రే తీయిస్తాం, సర్జన్‌ని కూడా కలుస్తాం. నాన్న మాత్రం బాబాయ్ గారి పక్షమే. టిక్కెట్టు వెనక్కి జరపమని ఏజెంటుకి చెప్పాను, మళ్లీ డబ్బు కట్టమంటున్నాడు.

రావులపాలెం కుర్రోడు: ఎంతడిగాడు?