గైడ్ వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోతున్నారు: మార్పు కాగితాలు, ఫెలోషిప్, గడువు

నంబూరు_స్కాలర్
కెమిస్ట్రీ పీహెచ్‌డీ, ఫుల్‌టైమ్. రిజిస్ట్రేషన్ 2023 జనవరి 20న. నెట్ జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కూడా అదే తేదీ నుంచి. మా గైడ్ గారు వచ్చే నెల ఇక్కడ రిలీవై అమరావతి వైపు ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో చేరుతున్నారు. మా మధ్య గొడవలేం లేవు. "నువ్వు ఇక్కడే ఉండు, కాగితం మీద ఇంకొకరి పేరు పెడదాం, పని నేనే చూస్తాను" అంటున్నారు. గత నెలతో రెండేళ్ళు నిండాయి, జేఆర్‌ఎఫ్ నుంచి ఎక్కువ డబ్బొచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్‌కి అప్‌గ్రెడేషన్ ఇంకా కాలేదు. మార్పుకి ఏ కాగితాలు కావాలి? ఫెలోషిప్ ఆగుతుందా? ఆరేళ్ళ గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కిస్తారా?

మిర్చియార్డ్
గైడ్‌లతో ఇదే తంటా. ముందు గ్రీవెన్స్ సెల్‌కి రాసి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకో తమ్ముడూ. నోటిమాటగా ఏదీ ఒప్పుకోకు. సంతకాలు పెట్టకుండా తిప్పించుకున్నవన్నీ తేదీలతో సహా రాసి పెట్టుకో.

నంబూరు_స్కాలర్
అన్నా, గొడవ లేదనే రాశాను కదా. ఆయన ఉద్యోగం మారుతున్నారు, అంతే.

సెక్షన్_సూపరింటెండెంట్
రీసెర్చ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఈ ఫైళ్ళు నా చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. క్రమం ఇదీ. రిజిస్ట్రార్ పేరిట నీ దరఖాస్తు, దాని మీద పాత గైడ్ నో అబ్జెక్షన్. కొత్త గైడ్ అంగీకార పత్రం, అందులో ఆయన దగ్గర ప్రస్తుతం ఎంతమంది స్కాలర్లున్నారో అంకెలో ఉండాలి. వీటికి రిజిస్ట్రేషన్ ప్రొసీడింగ్స్, ఫీజు రసీదులు, ఆఖరి ప్రోగ్రెస్ రిపోర్టు కాపీలు జతచేసి హెడ్ గారి ద్వారా పంపాలి. డిపార్ట్‌మెంట్ రీసెర్చ్ కమిటీ మినిట్స్ రాస్తుంది, అక్కడి నుంచి రీసెర్చ్ సెక్షన్, వీసీ గారి ఆమోదం, ఆ తర్వాత ప్రొసీడింగ్స్. నో అబ్జెక్షన్ లేకుండా ఏ ఫైలూ కదలదు, అది మాత్రం రాసిపెట్టుకో.

మిర్చియార్డ్
యూజీసీ 2022 రెగ్యులేషన్లలో పాత గైడ్ నో అబ్జెక్షన్ కావాలని ఎక్కడుందో చూపించండి సార్. మీలాంటి సెక్షన్ల వాళ్ళే లేని రూలు పుట్టించి స్కాలర్లని ఏళ్ళ తరబడి తిప్పుతారు.

సెక్షన్_సూపరింటెండెంట్
యూజీసీ కనీస నిబంధనలు చెబుతుందయ్యా. వాటి కింద ప్రతి యూనివర్సిటీకీ సొంత ఆర్డినెన్స్ ఉంటుంది, ఫైలు నడిచేది దాని మీద. చదివి మాట్లాడు.

మిర్చియార్డ్
చదివే మాట్లాడుతున్నా. ఏ గైడ్ మీద ఫిర్యాదు ఉందో ఆ గైడ్ సంతకమే తెమ్మనడం ఏం న్యాయం?

బెంజీన్_రింగ్
ఇద్దరూ కాస్త ఆగండి. నో అబ్జెక్షన్ గురించి యూజీసీలో లేదన్నది నిజం. చాలా యూనివర్సిటీల దరఖాస్తు ఫారంలోనే దానికి గడి ఉందన్నదీ నిజం. సంతకం పెట్టని గైడ్ అయితే అక్నాలెడ్జ్‌మెంట్‌తో ఉత్తరం ఇచ్చి, పదిహేను రోజులు చూసి, ఆ ఉత్తరం కాపీతో హెడ్ గారికి అర్జీ పెట్టుకోవాలి. ఆయన "గడువులోగా జవాబు రాలేదు" అని నోట్ రాసి పంపిస్తే కమిటీ చూడొచ్చు. కానీ ఈ అబ్బాయికి ఆ బాధ లేదు, గైడ్ గారు రిలీవయ్యే లోపల సంతకం తీసుకుంటే చాలు. వెళ్ళాక తీసుకుంటే ఏ హోదాలో పెట్టారని అడుగుతారు.

అసలు సంగతి వేరే ఉంది. "పేరుకు ఇంకొకరు, పని నేను" అన్న ఏర్పాటు ప్రమాదం. 2022 నవంబర్ 7న నోటిఫై అయిన రెగ్యులేషన్ల ప్రకారం, ఒక సంస్థలో పర్మినెంట్‌గా ఉన్నవాళ్ళు వేరే సంస్థ స్కాలర్‌కి కోగైడ్‌గా మాత్రమే ఉండగలరు. సంస్థ ఉద్యోగి కాని వ్యక్తి గైడ్‌గా ఇచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ఉల్లంఘన అవుతుందని అందులోనే ఉంది. నీ రిజిస్ట్రేషన్ ఆ తేదీ తర్వాతది కాబట్టి నువ్వు దాని కిందకే వస్తావు. కాబట్టి ఒకే దరఖాస్తులో రెండూ అడుగు: ఫలానా వారిని గైడ్‌గా, ఇప్పటి గైడ్‌ని కోగైడ్‌గా. అప్పుడు ఆయన చేసే పనికి, పేపర్లలో ఆయన పేరుకి రికార్డు ఉంటుంది. లేదంటే థీసిస్ మీద ఒకరి పేరు, పేపర్లన్నిటి మీదా ఇంకొకరి పేరు కనిపిస్తుంది. వైవాలో ఎవరో ఒకరు దాని మీద ప్రశ్న వేస్తారు.

పార్ట్‌టైమ్_పంతులు
సీట్ల గురించి దిగులు పడొద్దు. మార్పు మీద వచ్చేవాళ్ళని కోటాలో లెక్కించరు, అది కొత్త అడ్మిషన్లకే. మా కాలేజీలో అలాగే జరిగింది.

బెంజీన్_రింగ్
అలా ఎక్కడా లేదండి. ప్రొఫెసర్‌కి ఎనిమిది, అసోసియేట్‌కి ఆరు, అసిస్టెంట్‌కి నాలుగు. "ఏ సమయంలోనైనా" అని స్పష్టంగా ఉంది, ఎలా వచ్చాడన్న తేడా లేదు. విదేశీ స్కాలర్లకే అదనంగా ఇద్దరి దాకా వీలుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. గైడ్ వెళ్ళిపోతే ఆయన దగ్గరున్నవాళ్ళంతా ఒకేసారి రోడ్డున పడతారు. డిపార్ట్‌మెంట్‌లో ఖాళీ ఉన్న ప్రొఫెసర్లు ఇద్దరే అయితే అంగీకార పత్రం ముందు తెచ్చుకున్నవాడిదే సీటు. నంబూరూ, మీ ల్యాబ్‌లో ఇంకా ఎంతమంది ఉన్నారు?

నంబూరు_స్కాలర్
నాతో కలిపి ఐదుగురం. ఖాళీ ఉన్న సార్ ఒకాయన ఉన్నారు గానీ రిటైర్మెంట్‌కి రెండున్నరేళ్ళే ఉంది.

పార్ట్‌టైమ్_పంతులు
అయితే ఆయన అసలు తీసుకోకూడదు. సర్వీసు మూడేళ్ళ లోపుంటే కుదరదు. ఇది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు.

సెక్షన్_సూపరింటెండెంట్
మూడేళ్ళ లోపున్న వారు "కొత్త" స్కాలర్లని తీసుకోరాదు. ఇతను 2023 నుంచీ యూనివర్సిటీ రోల్స్‌లో ఉన్నవాడు, కొత్త ఎలా అవుతాడు? నోట్‌లో అలా రాస్తే ఆమోదం వస్తుంది.

బెంజీన్_రింగ్
ఆ గైడ్‌కి కొత్తే కదా సార్? రెండు రకాలుగానూ అర్థం తీసినవాళ్ళున్నారు. ఒకచోట ఒప్పుకున్న ఫైలే మరోచోట అభ్యంతరంతో వెనక్కొచ్చింది. ఒప్పుకున్నా, ఆయన రిటైరయ్యాక కోగైడ్‌గానే ఉండగలరు, అదీ డెబ్బై ఏళ్ళ వయసు దాకే. రెండున్నరేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే ఫైలు నడపాలి.

తెనాలి_పద్మ
నాకు పెళ్ళయ్యాక బెంగళూరు వెళ్ళాల్సి వస్తోంది. నేను కూడా గైడ్‌ని మార్చుకోవాలా, యూనివర్సిటీనే మార్చుకోవచ్చా?

బెంజీన్_రింగ్
మీది వేరే దారి అమ్మా. పెళ్ళి వల్ల గానీ మరో కారణం వల్ల గానీ ఊరు మారే మహిళా స్కాలర్ తన పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్ళొచ్చని 2022 రెగ్యులేషన్లలో ఉంది. కానీ ఆ పని పాత సంస్థకి ఏ ఫండింగ్ ఏజెన్సీయో మంజూరు చేసిన ప్రాజెక్టులోది కాకూడదు. పాత గైడ్‌కీ సంస్థకీ తగిన క్రెడిట్ ఇవ్వాలి. మీ ఫెలోషిప్ ప్రాజెక్టు నుంచి వస్తోందా, సొంతదా?

తెనాలి_పద్మ
ప్రాజెక్టుదే.

సెక్షన్_సూపరింటెండెంట్
అయితే డబ్బు నీ వెంట రాదు తల్లీ. ప్రాజెక్టు ఎవరి పేరున మంజూరైందో వారి ఖాతాలోది అది. వారినే పీఐ అంటారు, వారి సంతకం లేని నెలకి జీతం ఉండదు. నంబూరు అబ్బాయిది నెట్ ఫెలోషిప్, అది స్కాలర్‌ది, గైడ్‌ది కాదు. ఆ తేడా అందరూ గుర్తుంచుకోవాలి.

మిర్చియార్డ్
ఈ ఒక్క విషయంలో మీరు చెప్పింది కరెక్ట్ సార్.

బెంజీన్_రింగ్
ఫెలోషిప్ స్కాలర్‌దే, కానీ నడుమ ఆగిపోవచ్చు. ప్రతి నెలా సంస్థ కెనరా బ్యాంక్ పోర్టల్‌లో కన్ఫర్మ్ చేస్తేనే డబ్బు పడుతుంది, ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు ఆమోదించాలి. దానికి ముందు మన సెక్షన్ అడిగేది గైడ్ సంతకమున్న హాజరు కాగితం. పాత గైడ్ రిలీవైన రోజుకీ కొత్త ప్రొసీడింగ్స్ వచ్చిన రోజుకీ మధ్య ఆ సంతకం ఎవరు పెట్టాలి? అందుకని ఇప్పుడే హెడ్ గారి దగ్గర "మార్పు ఉత్తర్వు వచ్చేదాకా నేనే చూస్తాను" అని ఒక కాగితం తీసుకుని ఫెలోషిప్ సెక్షన్‌లో ఇవ్వు. ప్రొసీడింగ్స్‌లో కూడా "పాత గైడ్ రిలీవైన తేదీ నుంచి అమలు" అని పడేలా డ్రాఫ్ట్‌లోనే అడుగు. ఉత్తర్వు తేదీ నుంచి అని పడితే మధ్యలో రెండు మూడు నెలలు నీకు గైడే లేనట్టు అవుతుంది. అది ప్రోగ్రెస్ రిపోర్టులోనూ తేలుతుంది, ఎందుకంటే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి కన్వీనర్ గైడే. ఆయన వెళ్ళాక కమిటీని మళ్ళీ వేయకపోతే ఆ సెమిస్టర్ ప్రజెంటేషన్ పెట్టేవాడే ఉండడు.

ఇక ఎస్‌ఆర్‌ఎఫ్. అప్‌గ్రెడేషన్ కమిటీలో గైడ్, హెడ్, బయటి నిపుణుడు కలిపి ముగ్గురుంటారు. పాత గైడ్ ఉండగానే అది పెట్టించు. రెండేళ్ళ నీ పని తెలిసిన మనిషి ఆయనే, కొత్తాయన ఏం చూసి సంతకం పెడతారు? నెలకి జేఆర్‌ఎఫ్ 37,000కీ ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000కీ తేడా 5,000, ఇంటద్దె అలవెన్సు వేరే. మార్పు ఫైలు కంటే ముందు ఈ ఫైలు కదలాలి.

నంబూరు_స్కాలర్
ఒకే నెలలో రెండూ అవుతాయా సార్?

సెక్షన్_సూపరింటెండెంట్
బయటి నిపుణుడి తేదీ దొరికితే అప్‌గ్రెడేషన్ అవుతుంది. మార్పు ఫైలు ఎలాగూ కమిటీ సమావేశం కోసం ఆగుతుంది. ఆ తేదీ హెడ్ గారి ఆఫీసులో అడిగి తెలుసుకుని, దానికి వారం ముందు నీ కాగితాలు అందేలా చూసుకో. ఒక్క జత తక్కువైనా తర్వాతి సమావేశానికి పోతుంది.

పార్ట్‌టైమ్_పంతులు
గడువు సంగతి ఎవరూ చెప్పలేదు. గైడ్ మారితే ఆరేళ్ళూ మళ్ళీ మొదలు కదా, కొంత లాభమే.

బెంజీన్_రింగ్
కాదండీ, దయచేసి అలా చెప్పొద్దు. రిజిస్ట్రేషన్ తేదీ మారదు. ఈ అబ్బాయికి ఆరేళ్ళు 2029 జనవరిలో నిండుతాయి, రీరిజిస్ట్రేషన్‌తో మహా అయితే ఇంకో రెండేళ్ళు. ఫెలోషిప్ ఐదేళ్ళూ 2028 జనవరిలో అయిపోతాయి, గైడ్ మారారని ఒక్క నెల కూడా కలపరు. అంటే కొత్త ల్యాబ్‌లో కుదురుకోవడానికి పోయే ఆరు నెలలూ డబ్బు వచ్చే కాలంలోంచే పోతాయి. అందుకే శీర్షిక ముట్టుకోవద్దంటాను. కొత్త గైడ్ తన విషయానికి దగ్గరగా మార్చమని అడగడం మామూలే. శీర్షిక పెద్దగా మారితే, మార్చిన తేదీ నుంచి ఇంతకాలం గడిచాకే థీసిస్ ఇవ్వాలన్న షరతు కొన్ని యూనివర్సిటీల్లో ఉంది. మీ ఆర్డినెన్స్‌లో ఆ పేరా చూసుకో. దరఖాస్తులో "శీర్షికలో మార్పు లేదు" అని ఒక వాక్యం రాయించు.

నంబూరు_స్కాలర్
కెమికల్స్, రొటావేపర్ అన్నీ సార్ ప్రాజెక్టువే. అమరావతి వైపే కదా, వారానికి మూడు రోజులు అక్కడికెళ్ళి చేసుకోవచ్చా?

సెక్షన్_సూపరింటెండెంట్
హాజరు ఇక్కడ, పని అక్కడ అంటే ఆడిట్‌లో దొరుకుతావు. ఆయన కోగైడ్ అయితే, కొత్త గైడ్ సిఫారసుతో ఫలానా రోజులు ఫలానా చోట పని అని ముందే అనుమతి తీసుకో. ప్రాజెక్టు పరికరాలు ఎక్కడుండాలో స్టాక్ రిజిస్టర్ చెబుతుంది. సంస్థవైతే ఆయన తీసుకెళ్ళలేరు.

మిర్చియార్డ్
తీసుకెళ్ళిన వాళ్ళు లేరా ఏంటి.

సెక్షన్_సూపరింటెండెంట్
నువ్వు చూశావా? చూస్తే చెప్పు, లేకపోతే ఊరుకో.

తెనాలి_పద్మ
నా ప్రశ్న మధ్యలో ఆగిపోయింది. ప్రాజెక్టుకి రాజీనామా చేసి, ఫెలోషిప్ లేకుండా ఇక్కడే రిజిస్ట్రేషన్ ఉంచుకుని, బెంగళూరులో కోగైడ్‌ని పెట్టుకోవచ్చా? ఫుల్‌టైమ్ నుంచి పార్ట్‌టైమ్‌కి మార్చుకోవాల్సి వస్తుందా?

పార్ట్‌టైమ్_పంతులు
పార్ట్‌టైమ్‌కైతే ఉద్యోగం చేసే చోటు నుంచి నో అబ్జెక్షన్ కావాలమ్మా. మీకు ఉద్యోగం ఉందా?

మిర్చియార్డ్
మళ్ళీ నో అబ్జెక్షన్!