అప్‌డేట్: కెరీర్ పాఠంలో మార్కుల పట్టిక

నా ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ పిల్లలకు బీటెక్, బీఎస్సీ పోల్చే పట్టిక 45 నిమిషాల్లో ఎలా చేయించాలి?

అప్‌డేట్: కోర్సుల పేర్లు రాయకముందే, ఎంపికలో చూసే అంశాలకు 10 పాయింట్లు పంచమనాలి. లేకపోతే ముందే నచ్చిన కోర్సు గెలిచేలా పంచేస్తారు. నమూనాగా ఆసక్తికి 4, ఖర్చుకు 3, ఉద్యోగానికి 2, దూరానికి 1 ఇచ్చాం. ఆ తర్వాత ఒక్కో కోర్సుకు ఒక్కో అంశంలో 1 నుంచి 5 మార్కులు వేసి, ఆ అంశం పాయింట్లతో గుణించి, అన్నీ కూడాలి.

బీటెక్‌కు వరుసగా 3, 2, 4, 2 వేస్తే 28. బీఎస్సీకి 4, 4, 3, 4 వేస్తే 38.

తప్పు జరిగేది ఖర్చు దగ్గరే. ఫీజు ఎక్కువని బీటెక్‌కు 4, తక్కువని బీఎస్సీకి 2 వేస్తారు. అప్పుడు 34, 32 వచ్చి ఫలితమే తిరగబడుతుంది. అందుకే గడి పేరు 'ఖర్చు' కాకుండా 'ఇంటికి భరించగలిగేది' అని మార్చాను. దూరం గడికి 'దగ్గర' అని పెట్టాను. తేడా రెండు మూడు మార్కులే ఉంటే దాన్ని సమానం కిందే లెక్కేయమన్నాను.