అప్‌డేట్: పప్పుగుత్తి పంపకం

నేను అడిగినది: "ఆస్తి పంపకాల నాటికలో పనివాడు పళ్లెం జారవిడిచే హాస్యం పెట్టాను. జనం నవ్వారు గానీ, ఆ వెంటనే వచ్చే తల్లి దుఃఖం ఎవరికీ పట్టలేదు. ఏం చేయాలి?"

ఆ పళ్లెం తీసేశాను. కథతో సంబంధం లేని నవ్వు సరిగ్గా తల్లి తాళాలగుత్తి అప్పగించే మాట మీద పడటమే లోపమని విజయనగరంలో జరిగిన రిహార్సల్లో తేలింది. ఇప్పుడు ఆ నవ్వు పది సంభాషణల ముందే వచ్చేలా మార్చి, పలాస దగ్గరి జీడితోట పంపకానికి పెద్దమనిషిగా వచ్చిన బాబాయికి అప్పగించాను. ఆయన హాస్యమాడడు, గిన్నెలు, గుండిగలు ఎంతో నిష్ఠగా లెక్కపెట్టి, ఒక్కటే ఉన్న పప్పుగుత్తిని పైకెత్తి, "కర్ర పెద్దోడికీ, గుత్తి సిన్నోడికీనేటి?" అని నిజంగానే అడుగుతాడు. ప్రేక్షకులు నవ్వుతారు, వేదిక మీద మాత్రం ఎవరూ నవ్వరు. ఆ నవ్వు సగం తగ్గి, ఇంకా పూర్తిగా ఆరకముందే పెద్దకొడుకు అదే పప్పుగుత్తిని అందుకొని, "మరి అమ్మనేటి సేద్దాం బాబాయ్?" అంటాడు.

మొన్న బాబాయి పాత్రధారి ఉత్సాహం పట్టలేక గరిటెను కూడా ఎత్తి చూపగా (నవ్వుల రుచి మరిగిన నటుణ్ణి ఆపడం కష్టం) ఆ ప్రశ్న మళ్లీ తేలిపోయింది. గరిటెను సామాన్లలోంచే తొలగించాను.