చిన్న ఫోన్ల గేమ్: అంతా ఒకేసారి ఇవ్వాలా, ఆట మధ్యలో దించుకోమనాలా?

పల్లెబాట_గేమ్స్
యూనిటీలో 2డీ గేమ్ చేశాం, మొత్తం ఐదు ఊళ్లు. ప్లే స్టోర్ డౌన్‌లోడ్ 64 ఎంబీ చూపిస్తోంది. మొదటి ఊరొక్కటే ఉంచితే 30 ఎంబీకి దిగుతోంది. మిగతా నాలుగూ ఆడేవాళ్లు అక్కడిదాకా వచ్చినప్పుడు మా సర్వర్ నుంచి దిగేలా పెట్టొచ్చు. మేం అనుకుంటున్నది 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ ఫోన్ల వాళ్లని. ఏది మేలు?

విజయ్_ఏపీకే
30 పెట్టెయ్ తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేం లేదు. సైజు ప్రతి 6 ఎంబీ పెరిగేకొద్దీ ఇన్‌స్టాల్ చేసేవాళ్ల శాతం 1 చొప్పున తగ్గుతుందని 2017లో గూగుల్ ప్లే వాళ్లే రాశారు. నీకు తేడా 34 ఎంబీ. అంతమంది నీ ఆట ముఖం కూడా చూడకుండా వెళ్లిపోతారు. ముందు లోపలికి రానీ, ఆట నచ్చితే మిగతాది వాళ్లే దించుకుంటారు.

సుభద్ర_డెవ్
ముక్కలు చేసే ముందు ఆ 64లో ఏముందో చూడాలి కదా. బిల్డ్ అయ్యాక Editor.log చివర్లో ఏది ఎంత తింటోందో లెక్క ఉంటుంది. అది ఇక్కడ పెట్టండి.

కిట్టు98
అన్నా నాకూ ఇదే ప్రాబ్లమ్. నా ఫోన్‌లోని గేమ్ ఏపీకే మా తమ్ముడికి పంపితే వాడి ఫోన్‌లో ఓపెన్ అవగానే క్లోజ్ అయిపోతోంది. సైజు ఎక్కువై అలా అవుతోందా?

సుభద్ర_డెవ్
కిట్టూ, అది సైజు వల్ల కాదు. ప్లే స్టోర్ ఇప్పుడు ఒక్కో ఫోన్‌కి తగ్గ ముక్కలు పంపుతుంది. నువ్వు కాపీ చేసింది base.apk ఒక్కటే అయ్యుంటుంది, మిగతా ముక్కలు నీ ఫోన్‌లోనే ఉండిపోయాయి. మీ తమ్ముణ్ని స్టోర్ నుంచే దించుకోమను.

పల్లెబాట_గేమ్స్
లాగ్‌లో పెద్దవి ఈ రెండే:

```
Textures    161.2 mb
Sounds       18.3 mb
```

విజయ్_ఏపీకే
లాగ్ సంగతి తర్వాత. అడిగింది ఒకసారి ఇవ్వాలా, విడగొట్టి ఇవ్వాలా అని.

సుభద్ర_డెవ్
పల్లెబాట గారూ, 2డీ ఆటకి 161 అంటే బొమ్మలు అసలు కంప్రెస్ అవడం లేదన్నమాట. ఒక బ్యాక్‌గ్రౌండ్ మీద క్లిక్ చేసి, ఇన్‌స్పెక్టర్‌లో అడుగున ఫార్మాట్ దగ్గర ఏం రాసి ఉందో, బొమ్మ కొలతలెంతో చెప్పండి.

పల్లెబాట_గేమ్స్
1922×1082, RGBA32, 7.9 MB అని ఉంది. ఆర్టిస్ట్ చుట్టూ ఒక పిక్సెల్ అంచు వదిలాడు. ఊరికి నాలుగు పొరలు, అన్నీ ఇలాంటివే. సెట్టింగ్‌లో మాత్రం ETC2 అనే పెట్టాం.

సుభద్ర_డెవ్
దొరికింది. ఈటీసీ2 బొమ్మని 4×4 పిక్సెళ్ల గళ్లుగా చూస్తుంది. పొడవు, వెడల్పు రెండూ నాలుగుతో భాగించబడకపోతే యూనిటీ కంప్రెషన్ మానేసి ఉన్నది ఉన్నట్టు ఉంచేస్తుంది. 1922 భాగం పోదు, 1082 కూడా పోదు. ఆ అంచు తీసేసి 1920×1080 చేయండి. వెనక ఆకాశం పొరలో పారదర్శకత అక్కర్లేదు కాబట్టి దానికి ETC2 RGB 4 bit పెడితే దాదాపు 1 ఎంబీ అవుతుంది. ముందున్న మూడు పొరలకి పారదర్శకత కావాలి, అవి 2 ఎంబీ చొప్పున. ఊరికి 32 ఎంబీ తింటున్నది 7కి వస్తుంది.

ఇది డౌన్‌లోడ్ ఒక్కదానికే కాదు, ఆడుతున్నప్పుడు ర్యామ్‌లో కూర్చునేదీ ఇదే. మీ టెస్ట్ ఫోన్‌లో ఆట మధ్యలో వాట్సాప్ కాల్ వచ్చిందనుకోండి. మాట్లాడి తిరిగొస్తే ఆట లోగో దగ్గర్నుంచి మొదలవుతోందా? అయితే ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ మీ గేమ్‌ని చంపేసిందనే అర్థం.

ఇక పాటలు. ఐదు పాటలు, ఒక్కోటి మూడు నిమిషాలు, 160 కేబీపీఎస్ స్టీరియో అనుకుంటున్నాను, లెక్క సరిగ్గా 18కి తేలుతోంది. ఈ ఫోన్లలో ఉండేది ఒకే స్పీకర్. Force To Mono టిక్ పెట్టి, బిట్‌రేట్ 64 కేబీపీఎస్ దరిదాపులకి వచ్చేదాకా క్వాలిటీ దింపి, తొంభై సెకన్ల లూప్ చేస్తే ఒక్కోటి ముప్పావు ఎంబీకి మించదు.

పల్లెబాట_గేమ్స్
కాల్ వస్తే మొదటికి వెళ్లిపోవడం నిజమే. ఫోన్ పాతదని వదిలేశాం. ఈ రెండూ చేసి చూస్తాను.

రమణ_మొబైల్స్
నాది పార్వతీపురంలో రీఛార్జ్, రిపేర్ షాపు. కోడింగ్ తెలియదు, నేను చూసేది చెప్తాను. "ఫోన్ నిండిపోయింది, కాస్త ఖాళీ చెయ్యి బాబూ" అని రోజూ ఎవరో ఒకరు వస్తారు. నేను సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి సైజు వరుసలో పెడతాను. పైనున్నవి చూపించి "ఇది కావాలా" అని అడుగుతాను. వాట్సాప్ వద్దనరు, యూట్యూబ్ వద్దనరు. పోయేది గేమే. స్టోర్‌లో 30 అని చూపించి లోపల 250కి పెరిగినవే ముందు పోతాయి. మీరు చిన్నదని చెప్పి ఎక్కించారు కదా అని వాళ్లకి కోపం కూడా.

విజయ్_ఏపీకే
రమణ గారూ, తీసేయాలన్నా ముందు ఎక్కాలి కదా. నేను అనుభవించి చెప్తున్నాను. మా మొదటి గేమ్ 90 ఎంబీ. ఇన్‌స్టాల్స్ చాలడం లేదని పబ్లిషింగ్ కంపెనీ వాళ్లు మధ్యలో చేతులు దులుపుకున్నారు. ఇద్దరు ఆర్టిస్టులకి డబ్బు నా జేబులోంచి కట్టాను. ఆట బాగుందన్నది ఎవడికీ పట్టలేదు, సైజు చూసే వెళ్లిపోయారు.

సుభద్ర_డెవ్
విజయ్ గారూ, ఆ 6 ఎంబీ లెక్క ఇన్‌స్టాల్ నొక్కేవాళ్ల గురించే. రెండో ఊరి దగ్గర ఎంతమంది ఆగిపోతారో అందులో లేదు. ఒకసారి ఆ ఘట్టం ఊహించండి. సాయంత్రానికి రోజువారీ డేటా అయిపోయింది, స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోయింది. పిల్లాడు మొదటి ఊరు గెలిచాడు, ఇప్పుడు 8.5 ఎంబీ దిగాలి. సిగ్నల్ ఎక్కడా తెగకపోయినా దాదాపు పద్దెనిమిది నిమిషాలు. తెగితే? యూనిటీ అసెట్ బండిల్ డౌన్‌లోడర్ ఆగిన చోట నుంచి అందుకోదు, మళ్లీ సున్నా నుంచే.

విజయ్_ఏపీకే
అదే 64 కేబీపీఎస్ మీద మీ 64 ఎంబీ దించితే రెండు గంటల పైమాటే! ఆ లెక్క మాత్రం చెప్పరేం?

సుభద్ర_డెవ్
ఆ రెండు గంటలు ప్లే స్టోర్ చూసుకుంటుంది. నెట్ తెగితే ఆగుతుంది, వస్తే మిగిలింది అందుకుంటుంది. అన్నయ్య హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడో, పొద్దున కొత్త డేటా వచ్చినప్పుడో పూర్తవుతుంది. ఆడేవాడు తెర ముందు కూర్చుని ఉండక్కర్లేదు. మీ పద్ధతిలో సరదా పుట్టిన నిమిషంలోనే వాణ్ని ఆపుతున్నారు.

కిట్టు98
64 కేబీపీఎస్‌లో వాట్సాప్ ఫొటో కూడా రాదు మేడమ్.

విజయ్_ఏపీకే
సర్వర్ వద్దంటే ప్లే అసెట్ డెలివరీ ఉంది. ఫాస్ట్-ఫాలో పెడితే ఇన్‌స్టాల్ అవగానే మిగతా ఊళ్లు ప్లే స్టోరే దించుతుంది. మీ అభ్యంతరం తీరింది కదా? అయినా ఒప్పుకోరు. గెలవాలనే పట్టుదల తప్ప ఇంకేం లేదు.

సుభద్ర_డెవ్
ఫాస్ట్-ఫాలో మీ సర్వర్ పద్ధతి కంటే చాలా నయం, ఒప్పుకుంటాను. కానీ ఆట తెరిచేసరికి అది పూర్తవుతుందన్న హామీ లేదు, అవకపోతే ఏం చూపించాలో మీరే రాసుకోవాలి. అసలు సంగతి నేనే అడిగేస్తాను: ప్రతి ఊరికీ నెట్ ఆన్ చేయించాలని మీకెందుకంత తాపత్రయం? యాడ్స్ కోసమే కదా?

విజయ్_ఏపీకే
అవును, యాడ్స్ కోసమే! దాంట్లో దాచేదేముంది? మా ఆటల్ని ఎవడూ పది రూపాయలిచ్చి కొనడు. నెట్ ఆపేసి ఆడేవాడి వల్ల నాకొచ్చేది సున్నా. ఆఫ్‌లైన్‌లో మొత్తం ఆట ఇచ్చేస్తే ఆ ఆర్టిస్టులకి డబ్బు ఎవరివ్వాలి? మీకు ఉద్యోగం ఉంది, ఆట సరదాకి చేస్తారు. నాకు ఇదే జీవనం.

సుభద్ర_డెవ్
నా ఉద్యోగం సంగతి వదిలేయండి. ఇదే మాట మొదట్లోనే చెప్పుంటే మనం సైజు మీద ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. యాడ్ కావాలంటే ఊరికీ ఊరికీ మధ్య అడగండి. నెట్ ఉంటే వస్తుంది, లేకపోతే ఆట సాగిపోనివ్వండి. ఆ పిల్లాడు రేపు నెట్ ఉన్నప్పుడు మళ్లీ ఆడతాడు. ఆట తీసేసినవాడి వల్ల ఏ రోజూ డబ్బు రాదు.

విజయ్_ఏపీకే
రేపు ఆడతాడన్నది మీ నమ్మకం. అద్దె కట్టాల్సింది నేను.

రమణ_మొబైల్స్
ఇద్దరూ కాస్త నెమ్మది. బ్యాలెన్స్ కట్ అవుతుందేమోనన్న భయంతో గేమ్ ఆడేటప్పుడు డేటా ఆపేసి పిల్లలకి ఫోన్ ఇచ్చే అమ్మలు మా దగ్గర చాలామంది. ఇది మీ లెక్కల్లో వేసుకోండి.

పల్లెబాట_గేమ్స్
బొమ్మలు 1920×1080 చేశాం, పాటలు మోనో చేశాం. ఐదు ఊళ్లూ కలిపి ఇప్పుడు డౌన్‌లోడ్ 36 ఎంబీ. కాల్ మాట్లాడి తిరిగొస్తే ఆట ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఒక్క ఊరితో పెడితే 23. మాకూ ఆదాయం యాడ్స్ మీదే, కాబట్టి విజయ్ అన్న చెప్పింది కొట్టిపారేయలేను. కానీ మిగిలింది 13 ఎంబీ తేడా. ముందు అన్నీ కలిపే వదులుతాం.

సుభద్ర_డెవ్
ఆ 36 ఎలా కొలిచారు? ఏఏబీ ఫైల్ సైజు చూసి మోసపోవద్దు, అందులో అన్ని రకాల ఫోన్ల కోడూ ఉంటుంది. ఇలా చూడండి:

```
bundletool build-apks --bundle=game.aab --output=game.apks
bundletool get-size total --apks=game.apks
```

తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ ఎంత దిగుతుందో బైట్లలో వస్తుంది. తర్వాత ఫోన్‌లో ఎక్కించి, ఐదు ఊళ్లూ ఆడి, రమణ గారు చూసే సెట్టింగ్స్ పేజీలో ఎంత చూపిస్తోందో కూడా రాసుకోండి.

విజయ్_ఏపీకే
13 అయినా రెండు శాతం పైనే పోతారు, అది చిన్న సంఖ్య కాదు. సరే తమ్ముడూ, నీ ఇష్టం. వదిలాక ఇన్‌స్టాల్స్ ఒక్కటే చెప్పకు, మొదటి వారంలో ఎంతమంది తీసేశారో, యాడ్ ఎంతమందికి కనిపించిందో రెండూ ఇక్కడే పెట్టు. మా తర్వాతి గేమ్ అదే ఫాస్ట్-ఫాలోతో వస్తోంది, నా లెక్కలూ పెడతాను.